నాయన రాయి మీద పద్యం

మా సంఘ పెద్ద యేసుప్రసాద్ తాత కాదని చెప్పే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక మా అమ్మ కృపమణి, నేను చర్చి వరండాలో ఆయన ముందు నిలబడితే, ఆయన గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాదనేదేదో కాదనేస్తే పోయేదానికి ఈ దగ్గుడు ఎందుకు?

"పద్యం మంచిదే పాపా," అన్నాడు చివరికి. "మంచిది కాదని నేను అన్ల్యా. అయితే అది యాడిది? ఏ వాక్యంలో ఉండాది? ఏ కీర్తనలో ఉండాది? మన సమాధుల తోటలో రాళ్ళ మీద బైబిలు వాక్యమన్నా ఉండల్ల, సంఘ కీర్తనన్నా ఉండల్ల. ఇది తీర్మానం. నీకోసం మార్చేకి కాదు."

"మా నాయన కోరిక తాతా అది."

"కోరికలదేముంది మే. నువ్వు చదువుకుంటాండావు గదా. ఆ పద్యం మనదేనని ఆధారం తీసుకొనిరా. శనివారం లోపల తెస్తే చెక్కిస్తాం. ల్యాకపోతే నేను చెప్పిన వాక్యం చెక్కిస్తాం. అంతే."

మా నాయన పేరు లేవి. ఆలూరు అవతల మా ఊళ్ళో పంచాయతీ వాటర్‌మ్యాన్. బోరు మోటారు వేసేది, ట్యాంకు నింపేది, వీధికొక వేళ చొప్పున వాల్వు తిప్పేది ఆయనే. పోయిన ఏడు ఇదే నెలలో తడిచేతులతో స్టార్టరు పెట్టె ముట్టుకుని అక్కడే పడిపోయాడు. వచ్చే ఆదివారం ఆయన సంవత్సరపు కూడిక. ఆ లోపల సమాధి మీద రాయి నిలబెట్టాలి. కడప నుంచి తెప్పించిన నల్లరాయి మా వాకిట్లో గోడకు ఆనించి ఉంది. పేరు, తేదీలు చెక్కేశారు. కింద సగం రాయి ఖాళీ. చెక్కే మహానంది శనివారం ఒక్కరోజే వస్తానన్నాడు, తర్వాత ఆయనకు బద్వేలు వైపు గుడి పని ఉంది. ఒకసారి ఉలి పడితే మళ్ళీ చెరపడానికి ఉండదు కదా.

మా ఊళ్ళో నీళ్ళంటే కొట్లాట. పై వీధి వాళ్ళతో మా పల్లె వాళ్ళకు కొట్లాట ఉందంటే అందరికీ అర్థమవుతుంది. అంతకంటే పెద్ద కొట్లాట మా పల్లెలోనే ఉంది. పల్లె చివర కొత్త ఇళ్ళని ఉన్నాయి. అక్కడి వాళ్ళు మాకంటే కింది వాళ్ళని మా వాళ్ళ లెక్క. వాళ్ళ బిందె మా కుళాయి దగ్గరకు వస్తే మా ఆడవాళ్ళు గుడ్లురుముతారు. అట్లాంటప్పుడు మా నాయన వాల్వు కీ భుజాన వేసుకుని వచ్చి, ఎవరినీ ఒక్క మాట అనకుండా, గొంతెత్తి ఈ పద్యం అందుకునేవాడు:

"అమ్మా!
దప్పిగొన్న వాని దరిజేర్చి నీళ్ళిమ్ము
పేరు నూరు నడుగ పెదవి యేల
కులము నడుగునట్టి కూపమ్ము కన్నను
ఎండినట్టి గుంట యెంతొ మేలు"

పాడి, కొత్త ఇళ్ళ వాళ్ళ బిందె తనే ఎత్తి కుళాయి కింద పెట్టేవాడు. "నేను పోతే నా రాయి మీద ఇదే ఏయించండి. చదివినోళ్ళన్నా తన్నుకోకుండా ఉంటారు," అని నవ్వేవాడు. ఎక్కడిది నాయనా అని అడిగితే, "పెద్దోళ్ళది," అనేవాడు. ఏ పెద్దోళ్ళదో ఒక్కసారి కూడా చెప్పలేదు. మహానుభావుడు, చెప్పి ఉంటే నాకీ తిప్పలుండేవి కావు.

నేను కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఆ సాయంత్రమే గుంతకల్లులో రైలెక్కి కడపకు వచ్చేశాను. దారంతా ఫోన్లో వెదికాను. ఒక్కో పాదం కొట్టి చూశాను, ఒక్కో మాట కొట్టి చూశాను. వంటలు వచ్చాయి, బోరుబావుల ప్రకటనలు వచ్చాయి. పద్యం రాలేదు. నా గదిలో ఉండే భువన, "ఫోన్లో లేదంటే లోకంలో లేనట్టేనే జెస్సీ," అంది. దాన్ని ఒకటి పీకాలనిపించింది.

సోమవారం మా తెలుగు లెక్చరర్ సుప్రజ మేడం దగ్గరకు పోయాను. మేడం నవ్వలేదు, జాలి చూపించలేదు. పద్యం రాయమని తెల్లకాగితం ఇచ్చింది.

"ఫోన్లో దొరకదమ్మా. పాత పుస్తకాలను బొమ్మలుగా తీసి పెట్టినారే గాని, అందులో అక్షరాన్ని అది గుర్తుపట్టదు. మనం కాళ్ళతోనే వెదకాల. ముందు, నీ దగ్గరున్న పద్యం సరిగ్గా ఉందో లేదో చూద్దాం. మాట జారిపోయిన పద్యాన్ని పట్టుకుని వెదికితే జన్మంతా దొరకదు."

ప్రతి అక్షరం నెత్తిన గురువులు, లఘువులు పెట్టుకుంటూ పోయింది. 'దప్పి'లో ద తర్వాత జంట అక్షరం ఉంది కాబట్టి ద గురువు, ప్పి లఘువు. గురువు, లఘువు కలిస్తే ఒక సూర్యగణం. అట్లా మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వచ్చాయి. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మూడోది మొదటి దానిలాగా, నాలుగోది రెండో దానిలాగా.

"ఆటవెలది," అంది మేడం. "ఇప్పుడు యతి చూడు. పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి స్నేహం కుదరాల. దప్పికి దరిజేర్చి. పేరుకు పెదవి. కులముకు కూపమ్ము. ఎండినకు యెంతొ. నాలుగు చోట్లా కుదిరింది. అంటే మీ నాయన ఒక్క మాట కూడా పారేసుకోలేదు. ఎంత చదువుకున్నాడు ఆయన?"

"ఐదో క్లాసు."

"మరి ఎవరో కూర్చోబెట్టి నేర్పించినారు. విని పట్టుకున్న పద్యం ఇంత శుద్ధంగా ఉండదు. ఎక్కడో ఒకచోట కాలు విరుగుతుంది."

మా నాయనకు నేర్పించినవాడు ఒకడున్నాడు! ఇంతవరకూ అట్లాంటి మనిషి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు.

మేడం మళ్ళీ కాగితం చూసింది. "శతకాల్లో అయితే ప్రతి పద్యం చివరా ఒకే మకుటం ఉంటుంది, ఎవరినో పిలుస్తూ. దీనికది లేదు. కాబట్టి శతకాలు పక్కన పెట్టు. కీర్తన కాదు, పల్లవీ చరణాలూ లేవు. మరీ పాతదీ కాదు. కూపమ్ము అని పుస్తకం మాట వేసి, పక్కనే గుంట అని మన సీమ మాట వేసినాడు. పద్యం నేర్చిన మన వైపు మనిషి ఎవరో కట్టినాడు. దొరకాలంటే చాటు పద్యాల్లో దొరకాల, లేదంటే నాటకాల్లో."

కడపలోని పాత గ్రంథాలయంలో రెండు రోజులు కూర్చున్నాను. పద్యాల పుస్తకాల వెనక మొదటి మాటల పట్టిక అకారాదిగా ఉంటుంది. నాకు కావలసింది 'ద'. ఒక్కో పుస్తకం తిరగేసి, 'ద' దగ్గర వేలు పెట్టి కిందికి దిగడమే పని. 'దప్పి' అని మొదలయ్యేవి దొరికాయి. దొరికిన ప్రతిసారీ గబగబా ఆ పేజీ తీసేదాన్ని. ఏదీ మాది కాదు. పట్టికలేని నాటకాల పుస్తకాలను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. బుధవారం సాయంత్రానికి కళ్ళు పుండ్లయ్యాయి. శనివారం నెత్తి మీద కూర్చుంది. అమ్మ ఫోన్ చేసి, "పోనీలే పాపా, వాక్యమే ఏయిద్దాంలే. వాక్యం కంటే గొప్పదా పద్యం?" అంది. ఆ గొంతులో ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి నేనూ బాగా ఏడ్చాను.

గురువారం పొద్దున మేడం దగ్గరకు ఖాళీ చేతులతో పోయాను.

"మీ నాయన దీన్ని చదివేవాడా, పాడేవాడా?" అంది.

అడగాల్సిన ప్రశ్న అదే, నేను చెప్పాల్సిన సంగతీ అదే. తెలివి ఉంటే కదా నాకు! ఫోన్లో మా నాయన వీడియో ఒకటి ఉంది. కుళాయి దగ్గర ఇద్దరు మగవాళ్ళు బిందెలతో కలబడుతుంటే ఆయన పాడుతున్నది. మేడం కళ్ళు మూసుకుని విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడో పాదం చివర 'కన్నను' దగ్గర ఆయన గొంతు సాగదీసి, మెట్లెక్కించి, ఆగి, అప్పుడు నాలుగో పాదం అందుకుంటాడు.

"ఇది రంగస్థలం మీద పాడే తీరు జెస్సీ. ఆ ఆగింది ఊరికే కాదు, హార్మోనియం అందుకునేదానికి చోటు వదిలినాడు. ఇంకోటి. అక్కడ కొట్లాడుతున్నది మగవాళ్ళు. ఆయన అమ్మా అంటున్నాడేమి?"

"ఎప్పుడూ అంతే మేడం. ఎవరున్నా అమ్మా అనే మొదలుపెడతాడు. అలవాటు అనుకున్నాను."

"ఆ మాట పద్యం లెక్కలో రాదు. పాత్రను పిలిచే పిలుపు అది. నీళ్ళిమ్ము అంటున్నాడు చూడు, ఎదురుగా ఒక మనిషి ఉంది. ఆడమనిషి. బావి దగ్గర నిలబడి ఉంది. దాహంతో వచ్చినవాడిని, నువ్వెవరు, మావాడివి కావు కదా అని అడిగింది. దానికి జవాబు ఈ పద్యం."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బావి దగ్గర ఒక పరజాతి స్త్రీని యేసు ప్రభువు నీళ్ళడిగిన కథ ఆదివారం బడిలో ఎన్నిసార్లు విన్నాను! ఇది మాదే. మా నాటకంలోదే. నాటకాల్లో పుస్తకంలో లేని పద్యాలను నాటకం నేర్పే మేష్టార్లు సొంతంగా కట్టి కలుపుతారని, అవి అచ్చు కావని, అందుకే నాకు ఏ పట్టికలోనూ దొరకలేదని మేడం చెప్పింది.

బయటికి వచ్చి యేసుప్రసాద్ తాతకు ఫోన్ చేశాను. సంతోషం పట్టలేక అరిచినట్టే మాట్లాడాను.

"తాతా, మన పల్లెలో ఎప్పుడన్నా నాటకం ఆడినారా? ప్రభువు బావికాడ నీళ్ళడిగే నాటకం?"

ఈసారి తాత గొంతు కూడా సవరించుకోలేదు.

"మన పల్లెలో నాటకాలా? ఎప్పుడూ ల్యా. ఎవరు చెప్పినారు నీకు?" అని పెట్టేశాడు.

లేకపోతే లేదంటే సరిపోతుంది. ఎవరు చెప్పారో ఎందుకు ఆయనకు? అనుమానం వచ్చింది. మేడం తనకు తెలిసిన నాటక సంఘాల వాళ్ళకు వరసపెట్టి ఫోన్లు చేసింది. ఆలూరు వైపు పల్లెల్లో క్రైస్తవ నాటకాలు నేర్పినవాడు బొజ్జన్న మేష్టారొక్కడేనని, ముసలివాడయ్యాడు గాని ఆలూరులోనే ఉన్నాడని మధ్యాహ్నానికి తేలింది.

శుక్రవారం పొద్దునే ఆయన ఇంటి ముందు దిగాను. చిన్న మిద్దె ఇల్లు. వసారాలో హార్మోనియం పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది. కళ్ళలో పొర వచ్చినట్టుంది, నన్ను చూడటానికి మెడ ముందుకు సాచాడు. నేను పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. వీడియో పెట్టాను.

పద్యం అయిపోయేసరికి ముసలాయన చేతివేళ్ళు గాలిలో ఆడుతున్నాయి, మెట్లు నొక్కుతున్నట్టు.

"లేవి," అన్నాడు. "ఇది లేవి గొంతు. యాడుండాడప్పా వాడు?"

చెప్పాను. నేను లేవి కూతురినని, నాయన పోయాడని చెప్పలేక చెప్పాను. ఆయన పైగుడ్డతో ముఖం కప్పుకుని కూర్చున్నాడు. తర్వాత, నేను అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"మీ నాయనకు పెండ్లి కాకముందు నెల్లాళ్ళుంటి మీ పల్లెలో. చర్చి పక్కన బడిలో పడక. ఇంటికొక పూట కూడు. మీ నాయన ప్రభువు పాత్ర. ఏం గొంతు, ఏం గొంతు! ఆడపాత్రకు మనిషి దొరకకుంటే యేసుప్రసాద్‌కు చీర కట్టిస్తిమి. సన్నగా, ఎర్రగా ఉండె అప్పుడు."

"మా సంఘ పెద్ద యేసుప్రసాదా?"

"పెద్దో చిన్నో నాకేం తెలుసు. నాటకం రేపనంగా, ఎవరో చుట్టాలొచ్చి మీ వాళ్ళకు నా పుట్టుక చెప్పినారు. అంతవరకు నన్ను ఎవరూ అడగల్యా, నేను చెప్పల్యా. పొద్దున్నే బావికాడికి పోతి. శానా దప్పి. యేసుప్రసాద్ చేదుతాండాడు. చెంబు సాచితి. వాడు బొక్కెన ఎనక్కి లాక్కుని, మేష్టారూ, మీరేమిటోళ్ళు, అన్నాడు. చెప్తి. అయితే దూరంగా నిలబడు, పైనుంచి పోస్తాం, అన్నాడు. పై వీధోళ్ళు మీకు పోసినట్టే మీరు నాకు పోస్తామన్నారు పాపా! పై వీధోళ్ళంటే నాకు ఇంత నొప్పి ఉండేది కాదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"తాగల్యా నేను. బడికి పోయి కూర్చుని ఆ పద్యం కడితి. మధ్యాన్నం మీ నాయనకు నేర్పిస్తి. గురువు లఘువు తప్పకుండా పట్టినాడు. రాత్రి ఆటలో అది కొత్తగా పెట్టినామని ఆ చీర కట్టుకున్నోనికి తెలీదు. లేవి వాని ముఖంలోకి చూసి, అమ్మా, అని పిలిచి పాడినాడు. ఊరంతా చూస్తాండాది. ఆ తర్వాత వాడు జవాబు పద్యం ఎత్తుకోవల్ల. నేను శ్రుతి పట్టుకుని ఉండా, పట్టుకునే ఉండా. వాడు నోరు తెరవల్యా. బిందె చంకన పెట్టుకుని అట్లే నిలబడినాడు. తెర దించేస్తిమి. ఆ మీదట మీ పల్లెలో నాటకమే ల్యా."

నాకు అన్నీ అర్థమయ్యాయి. తీర్మానమూ, దగ్గూ, ఫోన్ పెట్టేయడమూ. మా నాయన ఇన్నేళ్ళు ఎవరి పేరూ చెప్పకుండా, కుళాయి దగ్గర ఎవరున్నా 'అమ్మా' అని ఎందుకు మొదలుపెట్టేవాడో కూడా. దొంగ ముసలాయన! ఆధారం కావాలట ఆధారం!

"మేష్టారూ, ఈ పద్యం మా నాయన రాయి మీద చెక్కించాలి. రేపే. మీరు ఒక్కమాట ఒప్పుకుంటే, మా సంఘం నోరు మూయిస్తాను."

"వద్దు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"లేవి మీద కోపమా నాకు? వాడు బంగారం. అయితే ఆ పల్లె సమాధుల తోటలో నా పద్యం వద్దు పాపా. కావాలంటే, ఆ పొద్దు బొక్కెన లాక్కున్నోడు నా వాకిట్లోకొచ్చి అడగల్ల. వాడొచ్చి అడిగితే ఇస్తా. నీకిచ్చేది ల్యా. పో."

ఎంత బతిమాలినా అదే మాట. పద్యం పుట్టిన చోటు దొరికింది, పద్యం మాత్రం చేతికి రాలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే అమ్మ తల పట్టుకుంది. "యేసుప్రసాద్ మామను అడుగుతావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది పాపా. మన పల్లె గుట్టు మనమే బయటేసుకుంటామా? ఊరుకో."

"మా నాయన ఊరుకున్నాడు కదమ్మా. ఏమైంది? కొత్త ఇళ్ళ వాళ్ళ బిందె ఈ రోజుకీ కుళాయి దగ్గర చివరే ఉంది."

ఆగకుండా యేసుప్రసాద్ తాత ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిట్టాలని వచ్చినదాన్ని, పద్యం అందుకున్నాను. "అమ్మా!" అన్నాను. ఆయన చేయి మంచం కోడు పట్టుకుంది. మూడో పాదం దగ్గర మా నాయన ఆగినట్టే ఆగాను. నాలుగోది పాడాను. పాడి, మళ్ళీ నిలబడ్డాను. జవాబు పద్యం ఆయనదే కదా.

"బొజ్జన్న బతికే ఉండాడా?" అన్నాడు.

"ఉన్నాడు. మీరు వచ్చి అడిగితేనే ఇస్తానన్నాడు. మీకు ఆధారం కావాలన్నారు కదా తాతా. మీకంటే ఆధారం ఎవరున్నారు?"

"పో మే ఈడనుంచి," అన్నాడు. కేక వేయలేదు. తలెత్తలేదు కూడా.

శనివారం. మహానంది ఉలులు సర్దుకుని రాయి ముందు కూర్చున్నాడు. సంఘం వాళ్ళు రాసిచ్చిన వాక్యం కాగితం అమ్మ చేతిలో ఉంది. "చెప్పక్కా, మొదలుపెట్టేదా?" అంటున్నాడు. మధ్యాహ్నం దాకా ఆగమని నేను ఆయన కాళ్ళావేళ్ళా పడుతున్నాను. ఏ ధైర్యంతో ఆగమంటున్నానో నాకే తెలియదు.

అప్పుడు యేసుప్రసాద్ తాత వచ్చాడు. ఆరాధనకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. మహానందితో, "కొంచెం తాళప్పా. నేను ఫోన్ చేస్తా," అన్నాడు. నాతో, "పా, పోదాం," అన్నాడు. అంతే.

ఆటో ఎక్కాం. ఆలూరులో దిగాక ఎండకు ఆయన రెండు చోట్ల ఆగాడు. సోడా తాగుదాం తాతా అంటే తల అడ్డంగా ఊపాడు. సందు మొదట్లో నన్ను వెనక నిలబడమన్నాడు. నేను గోడ పక్కన ఆగాను, అక్కడికి అన్నీ కనబడుతున్నాయి, వినబడుతున్నాయి. ఈ ముసలాయన లోపలికి పోయి ఏదో పెద్దరికం మాట్లాడి అంతా చెడగొడతాడేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది.

తాత వాకిలి బయటే ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"అప్పా, దప్పి అయితాండాది. కొంచెం నీళ్ళిస్తావా?"

బొజ్జన్న మేష్టారు వసారాలోంచి మెడ సాచి చూశాడు. ఆ పొరల కళ్ళకు ఏం కనబడిందో, ఎవరో దారిన పోయే ముసలివాడు అనుకున్నాడు. "ఎండలో నిలబడినావే, లోపలికి రాప్పా," అంటూ లేచాడు. గోడ పట్టుకుని లోపలికి పోయి, చెంబు నిండా నీళ్ళు తెచ్చాడు. ఎవరివని అడగలేదు. ఏ ఊరని అడగలేదు. చెయ్యి సాచి చెంబు ఇచ్చేశాడు.

యేసుప్రసాద్ తాత రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగుతుంటే సగం నీళ్ళు తెల్ల చొక్కా మీద పడ్డాయి. చెంబు దించి అన్నాడు:

"మేష్టారూ, నేను యేసుప్రసాద్‌ను. బొక్కెన లాక్కున్నోన్ని."

బొజ్జన్న నెమ్మదిగా చేయి ముందుకు చాచాడు. ఖాళీ చెంబు తీసుకున్నాడు. దాన్ని ఒకసారి తిప్పి లోపలికి చూశాడు.

"ఇంగా గావాల్నా?" అన్నాడు.

తాత గడప మీద కూలబడిపోయాడు. అంత పెద్దమనిషి, పిల్లవాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు. "తప్పయిపోయింది మేష్టారూ. ఆ పొద్దే చెప్పల్ల. నోరు రాల్యా. లేవి బతికినన్నాళ్ళూ పాడి పాడి నాకు గుర్తు చేసినాడు, అయినా రాల్యా," అంటున్నాడు. మేష్టారు రెండో చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టి, తనూ గడప మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినదలచుకోలేదు. నేనూ గోడకు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాను.

కాసేపటికి తాత నన్ను పిలిచి ఫోన్ కలపమన్నాడు. మహానందికి కలిపాను. పద్యం తనే చెప్పాడు, ఒక్కో మాట విడదీసి, 'అమ్మా' దగ్గర నుంచి. పుస్తకం చూడకుండా, ఒక్క అక్షరం తప్పకుండా. చెప్పడం అయ్యాక అవతల మహానంది అడిగింది నాకు వినబడింది. మా రాళ్ళ మీద వాక్యం కింద అధ్యాయం, వచనం వేస్తారు కదా, ఇక్కడ కింద ఏం వేయాలి అని.

"బొజ్జన్న, ఆలూరు. అని ఏయి," అన్నాడు తాత.

"ఎవరాయప్ప? మీ సంఘమోడా? ఏమిటోళ్ళు?"

తాత పక్కనున్న చెంబు వైపు చూశాడు. మేష్టారు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"నాకు నీళ్ళిచ్చినాయప్ప," అన్నాడు యేసుప్రసాద్ తాత. "ఇంగేం అడగాకు. చెక్కు."